ఆవు, గేదెల చూడి పరీక్ష: చేతితోనా, స్కానింగ్‌తోనా, ఎన్నో రోజున? – తరచుగా అడిగే ప్రశ్నలు

గేదెలు ఎక్కువగా ఎదకు వచ్చేది వానలు తగ్గాక, చలికాలం ముగిసే లోపు. అందుకే నవంబరు మొదలు మార్చి దాకా మా ఆసుపత్రి బోను ముందు చూడి పరీక్షల వరుస తగ్గదు. వరుసలో నిలబడిన వాళ్లు అడిగేవి ఏటా దాదాపు ఇవే ప్రశ్నలు. వాళ్లు అడిగిన మాటల్లోనే రాసి, జవాబులు పెట్టాను. రోజుల లెక్క ఉన్నచోటల్లా సూది, అంటే కృత్రిమ గర్భధారణ, చేయించిన రోజును సున్నాగా పట్టుకోండి.

## సూది వేయించిన తొలి నెల

ఎక్కువ చెప్పకుండా ఒక్క మాట చెప్పండి. ఎన్నో రోజున తీసుకురమ్మంటారు?

స్కానింగ్ యంత్రం అందుబాటులో ఉంటే ఆవును 30 రోజులు దాటాక, గేదెను 35 రోజులు దాటాక తీసుకురండి. చేతి పరీక్ష ఒక్కటే దిక్కయితే ఆవుకు 60 రోజులు, గేదెకు 60 నుంచి 75 రోజులు. నెలకే స్కానింగ్‌లో చూడి అని తేలిన పశువును కూడా 60–90 రోజుల మధ్య మరోసారి చూపించండి. ఈ రెండో పరీక్షను చాలామంది వదిలేస్తారు, తర్వాత చిక్కుల్లో పడేది కూడా ఎక్కువగా వాళ్లే.

మూడు వారాలైంది, గేదె మళ్లీ ఎదకు రాలేదు. చూడి కట్టినట్టే కదా?

ఆవు విషయంలో ఆ మాటలో కొంత నిజం ఉంది. ఎద చక్రం సగటున 21 రోజులు, 18 నుంచి 24 వరకు అటూ ఇటూ అవుతుంది. చూడి కట్టకపోతే ఆవు ఆ సమయానికి అరుస్తుంది, పక్క పశువుల మీద ఎక్కుతుంది, తీగలు వేస్తుంది. రోజూ గమనించే రైతుకు అది తెలిసిపోతుంది.

గేదె అలా కాదు. దానిది ఎక్కువగా మూగ ఎద. అరుపు ఉండకపోవచ్చు, ఎక్కడం అరుదు. తీగలు ఆవుకు వేలాడినట్టు వేలాడవు, పడుకున్నప్పుడు కొద్దిగా జారి పేడలో కలిసిపోతాయి. అదీ రాత్రిపూటో తెల్లవారుజామునో అయితే చూసేవాళ్లు ఉండరు. పైగా అండాశయాలు పనిచేయని పశువు, గర్భసంచిలో చీము చేరిన పశువు కూడా ఎదకు రావు. కాబట్టి గేదె ఎదకు రాకపోవడాన్ని చూడి కట్టిందనడానికి గుర్తుగా తీసుకోకండి. పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు.

మూత్రంలో గోధుమలు నానబెడితే తెలుస్తుందట, నిజమేనా?

పశువు మూత్రాన్ని నీళ్లలో కలిపి గింజలు నానబెట్టి మొలకలు చూసే పద్ధతి ఉంది. చూడి పశువు మూత్రంలో గింజలు సరిగా మొలకెత్తవంటారు. చిక్కేమిటంటే మొలకను ఆపేది చూడి ఒక్కటే కాదు. పశువు తాగిన నీళ్లు, తిన్న మేత, మూత్రం చిక్కదనం, గింజ నాణ్యత అన్నీ దాన్ని మారుస్తాయి. చూడి లేని పశువు చిక్కటి మూత్రంలోనూ గింజలు చచ్చిపోవచ్చు. మూత్రంలో బేరియం క్లోరైడ్ చుక్కలు వేసి చూసే పద్ధతి కూడా ఇలాంటిదే. ఇంట్లో సరదాకు చేసి చూస్తే చూడండి, దాని ఫలితం నమ్మి పశువును అమ్మడం, కొనడం మాత్రం వద్దు.

పాలు, రక్తం పరీక్ష చేస్తే సరిపోదా? చేయి వేయాల్సిన పని లేకుండా?

సూది వేసిన 21–24 రోజులకు పాలలో ప్రొజెస్టిరాన్ చూస్తే ఖాళీ పశువును బాగానే పట్టవచ్చు. ఆ హార్మోను తక్కువగా ఉంటే చూడి లేదు. ఎక్కువగా ఉన్నంత మాత్రాన చూడి ఉందని మాత్రం అనలేం. చక్రం అటూ ఇటూ అయిన పశువులోనూ, చీము పట్టిన పశువులోనూ అది ఎక్కువగానే ఉంటుంది. నాలుగు వారాల తర్వాత మాయ విడుదల చేసే ప్రొటీన్లను రక్తంలో పట్టే పరీక్షలు మేలైనవే, కానీ నమూనా పంపి ఫలితం వచ్చే దాకా ఆగాలి. రెండు మూడు పశువులున్న ఇంటికి బోనులో నిలబెట్టి అప్పటికప్పుడు చెప్పే పరీక్షే సులువు.

## నెల నుంచి నెలన్నర: స్కానింగ్ కాలం

స్కానింగ్ అంటే పొట్ట మీద పెట్టి చూస్తారు కదా? చేయి లోపల పెట్టక్కర్లేదు కదా?

నెల రోజుల చూడికి పొట్ట మీద పెడితే ఏమీ కనిపించదు. అప్పటికి గర్భసంచి ఇంకా కటి ఎముకల గూటి దగ్గరే, పెద్దపేగు కిందనే ఉంటుంది. కాబట్టి ప్రోబ్‌ను, అంటే యంత్రంలో శరీరానికి ఆనించి చూసే ముక్కను, చేతిలో పట్టుకుని మలద్వారం గుండానే లోపలికి తీసుకెళ్లాలి. పేడ తీయడం, పొడుగు తొడుగు వేసుకోవడం, జారుడు ద్రవం రాసుకోవడం అన్నీ చేతి పరీక్షకు చేసినట్టే. ఇక్కడ గర్భసంచిని పట్టుకుని తిప్పే పని చాలా తగ్గుతుంది, పేగు గోడ మీదుగా ప్రోబ్‌ను మెల్లగా జరిపితే చాలు. పేడ పూర్తిగా తీయకపోయినా, ప్రోబ్‌కూ పేగు గోడకూ మధ్య గాలి చేరినా తెర మీద మసక తప్ప ఏమీ రాదు. అందుకే డాక్టరు పేడ తీయడానికే ఎక్కువసేపు తీసుకుంటే విసుక్కోకండి.

తెర మీద డాక్టరు ఏం చూసి చూడి అంటారు? మాకు అంతా నలుపు తెలుపు మచ్చల్లా ఉంది.

ఆ తెర మీద ద్రవం నల్లగా, కండ బూడిద రంగులో, ఎముక తెల్లగా కనిపిస్తుంది. చూడి కట్టిన గర్భసంచి కొమ్ములో ఉమ్మనీరు ఉంటుంది గనుక అక్కడ నల్లటి ఖాళీ తెరుచుకుంటుంది. అందులో బియ్యపు గింజ కంటే కాస్త పెద్దదిగా బూడిద రంగు పిండం ఉంటుంది. దాని మధ్యలో టపటప మినుకుమనే చుక్కే గుండె.

నల్లటి ఖాళీ ఒక్కటే చూసి చూడి అనకూడదు. ఎదలో ఉన్న పశువు గర్భసంచిలోనూ కొంచెం ద్రవం ఉంటుంది, అదీ నల్లగానే కనిపిస్తుంది. పిండం, అందులో గుండె చప్పుడు కనిపించాకే మాట ఇవ్వాలి. మీరు పక్కనే ఉంటే ఆ మినుకును చూపించమని అడగండి. ఎండలో తెర సరిగా కనిపించదు గనుక పశువును నీడలో నిలబెట్టడం మంచిది.

స్కానింగ్ ఉండగా నెల దాకా ఎందుకు ఆగాలి? ఇరవై రోజులకే చేయించవచ్చు కదా?

మంచి యంత్రం, అలవాటైన చేయి ఉంటే 20 రోజులకే ద్రవపు జాడ కనిపించవచ్చు. కానీ 20వ రోజు ఖాళీ పశువు మళ్లీ ఎదకు వచ్చే సమయం కూడా. ఎద ద్రవమా, చూడి ద్రవమా అన్నది అప్పుడు తేల్చడం కష్టం. గుండె చప్పుడు ఆవులో సుమారు 25 రోజుల నుంచి కనిపించడం మొదలవుతుంది. 28–30 రోజులకు దాన్ని నమ్మకంగా పట్టవచ్చు. గేదెలో పిండం ఎదుగుదల కొంచెం నెమ్మది, మరికొన్ని రోజులు కలుపుకోవాలి.

ఇంకో కారణం ఉంది. తొలి వారాల్లో చాలా పిండాలు వాటంతట అవే పోతాయి. ఎంత ముందు చూస్తే, తర్వాత పోయేవాటిని అంత ఎక్కువగా చూడి జాబితాలో రాసుకుంటాం. పది రోజులు ఆగితే ఆ పొరపాటు కొంత తగ్గుతుంది.

నలభై రోజులైంది. యంత్రం లేదు. చేత్తో చూసి చెప్పేయండి, మీకు అనుభవం ఉంది కదా?

అనుభవం ఉన్న చేతికి 35–40 రోజులకు ఆవులో ఒక కొమ్ము కాస్త లావుగా, పలుచటి గోడతో, లోపల నీరు కదిలినట్టు తెలుస్తుంది. అయితే అప్పటికి పిండం చుట్టూ ఉన్న సంచి చిన్నది, నున్నటి గోలీ లాంటిది. దాన్ని వేళ్ల మధ్య వెతికి నొక్కితే చితికిపోవచ్చు. అది చితికితే పిండం పోయినట్టే. ఒక కొమ్ము లావుగా ఉండటం ఈమధ్యే ఈనిన పశువులోనూ ఉంటుంది, కాబట్టి తప్పు చెప్పే ప్రమాదం కూడా ఉంది.

ఇరవై రోజులు తొందరపడి మీకు దక్కేది తక్కువ. నేనైతే 40 రోజుల గేదెకు చేత్తో మాట ఇవ్వను.

స్కానింగ్ కిరణాలు దూడకు హాని చేయవా?

అవి ఎక్స్‌రే కిరణాలు కావు, మన చెవికి వినపడని శబ్ద తరంగాలు. చూడి పరీక్షకు వాడే మోతాదులో పిండానికి హాని లేదు. హాని జరిగితే మొరటుగా పెట్టిన ప్రోబ్ వల్ల పేగు గోడ చీరుకుపోవడం వల్ల జరగాలి. తొడుగుకు కొద్దిగా రక్తం అంటితే కంగారు పడక్కర్లేదు. ఎక్కువగా వస్తే మాత్రం పరీక్ష ఆపి, ఆ పశువును ఒకటి రెండు రోజులు గమనించాలి.

35 రోజులకు స్కానింగ్‌లో చూడి అన్నారు. 75 రోజులకు చేయి వేసి ఖాళీ అన్నారు. ఇద్దరిలో ఎవరు అబద్ధం చెప్పారు?

ఇద్దరూ నిజమే చెప్పి ఉండవచ్చు. 2024 అక్టోబరు 5న సూది వేయించిన ఒక గ్రేడెడ్ ముర్రా గేదె సంగతి చెబుతాను. మూడో ఈతది. నవంబరు 9న, అంటే 35వ రోజున, నేనే స్కానింగ్ చేశాను. పిండం, గుండె చప్పుడు రెండూ స్పష్టంగా ఉన్నాయి. రైతు కూడా చూశాడు. డిసెంబరు 19న, 75వ రోజున, చేయి వేస్తే రెండు కొమ్ములూ సమానంగా, గట్టిగా ఉన్నాయి. నీరు లేదు, పొర లేదు. యంత్రం మోసం చేసిందని ఊళ్లో మాట పుట్టింది.

అడుగుతూ పోతే ఇంటావిడ ఒక మాట చెప్పింది. నవంబరు చివర్లో ఒక ఉదయం గేదె తోక దగ్గర చిక్కటి జిగురు, అందులో కాస్త ఎరుపు చూశానంది. పిండం పోయింది బహుశా అప్పుడే. నెల నుంచి రెండు నెలల మధ్య పాడి పశువుల్లో సుమారు పదింటిలో ఒక చూడి ఇలా నిలవకుండా పోవడం మామూలే. ఎండ దెబ్బ, గర్భసంచిలో వాపు, లోపం ఉన్న పిండం, ఏదైనా కారణం కావచ్చు. చాలాసార్లు ఏ జాడా కనిపించదు.

తొందరపడి మందు ఇవ్వకుండా ఆ రోజే మరోసారి స్కానింగ్ చేసి ఖాళీ అని తేల్చుకున్నాం. అండాశయం మీద కార్పస్ లూటియం, అంటే అండం విడుదలయ్యాక అక్కడ ఏర్పడే ముద్ద, ఉంది గనుక ఎదకు తెచ్చే ఇంజెక్షన్ పనిచేసింది. నాలుగో రోజున, డిసెంబరు 23న, మళ్లీ సూది పడింది. ఈసారి నిలిచింది. రెండో పరీక్ష చేయించకపోతే ఆ రైతు 2025 ఆగస్టు రెండో వారం దాకా ఈనుతుందని ఎదురు చూసి ఉండేవాడు.

## నెలన్నర నుంచి మూడు నెలలు: చేతి పరీక్ష కాలం

చేయి వేసి లోపల అసలు ఏం తడుముతారు? అంతసేపు ఎందుకు?

ముందు పేడ తీసి, కటి ఎముకల గూటి నేల మీద గట్టి కర్రముక్కలా తగిలే గర్భాశయ ముఖద్వారాన్ని పట్టుకుంటాం. అక్కడి నుంచి ముందుకు వెళ్తే గర్భసంచి రెండు కొమ్ములుగా చీలుతుంది. రెండింటినీ చివరిదాకా తడిమి పోల్చి చూడాలి. ఖాళీ పశువులో రెండూ ఒకేలా, కాస్త గట్టిగా ఉంటాయి. 60 రోజుల చూడిలో ఒక కొమ్ము స్పష్టంగా పెద్దది. గోడ పలుచబడి, కొంచెం నీళ్లు నింపిన బెలూన్‌లా చేతి కింద కదులుతుంది.

అయినా ఇది అనుమానమే. రుజువు కావాలంటే నాలుగు గుర్తుల్లో ఒక్కటైనా దొరకాలి: పిండం సంచి, పొర జారడం, మాయ గుండీలు, పిండం. పొర జారడమంటే, ఆ కొమ్మును వేళ్ల మధ్య సున్నితంగా ఎత్తి వదిలితే లోపలి పొర మొదట సన్నగా జారి, తర్వాత గోడ జారుతుంది. చొక్కా మీద నుంచి బనియను పట్టుకుని వదిలినట్టు ఉంటుంది. మాయ గుండీలు, అంటే మాయ గర్భసంచికి అతుక్కునే చోట్లు, ఆవులో సుమారు రెండున్నర నెలలకు చిన్న చిన్న ముడుల్లా తగులుతాయి. పిండం రెండు నెలలకు చిట్టెలుకంత, మూడు నెలలకు ఎలుకంత, నాలుగు నెలలకు చిన్న పిల్లి అంత. మా గురువులు చెప్పిన ఈ లెక్క ఇప్పటికీ అందరం వాడుతున్నాం. పిండం సంచి కోసం మాత్రం నేను వెతకను, అది చితికే ప్రమాదం ఉంది.

చేయి లోపల ఉండగా పేగు బిగుసుకుంటే అది వదులయ్యేదాకా ఆగాలి. ఆలస్యమయ్యేది అక్కడే.

ఆవుకు 45 రోజులకే చెప్పారు, గేదెకు ఎందుకు ఆగమంటారు?

ఆవు మోసేది సుమారు 280 రోజులు, గేదె మోసేది సుమారు 310 రోజులు. నెల అదనం గనుక అదే రోజున గేదె పిండం ఆవు పిండం కంటే కాస్త చిన్నది, ద్రవమూ తక్కువ. పైగా గేదె గర్భసంచి కొమ్ములు చిన్నవి, ఎక్కువగా చుట్టుకుని, గట్టిగా ఉంటాయి. కొమ్ము లావును పోల్చడం కష్టం.

అండాశయం కూడా తోడు రాదు. ఆవులో కార్పస్ లూటియం పైకి పొడుచుకొచ్చి కిరీటంలా చేతికి తగులుతుంది. గేదెలో అది చిన్నది, అండాశయంలోనే కూరుకుపోయి ఉంటుంది, తడిమితే తెలియకపోవచ్చు. చూడి పరీక్షలో ఆవుల మీద చేయి తిరిగినవాళ్లు గేదెల్లో తడబడటానికి ఎక్కువగా ఇదే కారణం.

చేయి వేసి చూస్తే ఈసుకుపోతుందని మా పెద్దవాళ్లు ఒప్పుకోవడం లేదు.

60 రోజులు దాటాక, నేర్చిన చేయి మెల్లగా చూస్తే ఆ భయం అక్కర్లేదు. ప్రమాదం ఉన్నది 35–45 రోజుల మధ్య, అదీ పిండం సంచిని నొక్కినప్పుడు, కొమ్మును గట్టిగా లాగినప్పుడు. నేర్చుకుంటున్న కుర్రాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఒకే పశువులో చేయి పెట్టడం కూడా మంచిది కాదు.

పెద్దవాళ్ల భయానికి ఇంకో మూలం ఉంది. పరీక్ష చేయించిన కొన్నాళ్లకు చూడి పోతే నేరం చేతి మీదకే వస్తుంది. కానీ ఈ వయసులో చేయి వేయని పశువుల్లోనూ కొన్ని చూళ్లు పోతాయి.

మా లెక్క ప్రకారం 75 రోజులు. డాక్టరు 50 రోజుల చూడి అంటున్నారు. దూడ ఎదగడం లేదా?

ఎదుగుతోంది, లెక్కే తప్పి ఉంటుంది. ఉదాహరణకు ఇంకో గేదెకు అక్టోబరు 5న ఒకరితో సూది వేయించారనుకుందాం. 21 రోజులకు, 26న, గేదె మళ్లీ తీగలు వేస్తే ఇంట్లో ఇంకొకరు ఇంకో గోపాలమిత్రను పిలిచి మళ్లీ వేయించారు. కార్డు మీద మొదటి తేదీయే మిగిలింది. డిసెంబరు 19న చేయి వేస్తే మొదటి తేదీకి 75 రోజులు, రెండో తేదీకి 54 రోజులు. చేతికి తగిలింది రెండోదే.

ఇలాంటప్పుడు పశువు చెవికి ఉన్న 12 అంకెల ట్యాగు పనికొస్తుంది. సూది వేసినవారు ఆ సంఖ్య మీద వివరాలు నమోదు చేసి ఉంటే తేదీ దొరుకుతుంది. తేదీ ఎక్కడా దొరకకపోతే ఆ ఆశ వదిలేయండి. పిండం సైజును బట్టి డాక్టరు చెప్పే వయసుతోనే ఈనే నెల లెక్క కట్టుకోవాలి.

గర్భసంచి పెద్దగా ఉంది, నీరూ ఉంది, అయినా చూడి కాదన్నారు. ఎలా?

గర్భసంచి చీముతో నిండినా పెద్దదవుతుంది. పశువు ఎదకు రాదు, రైతు చూడి అని సంతోషంగా ఉంటాడు, నెలలు గడుస్తాయి. చేతికి తేడా తెలుస్తుంది. చీము సంచి గోడ మందంగా, పిండి ముద్దలా ఉంటుంది. ఎన్ని నెలలైనా మాయ గుండీలు ఉండవు, పొర జారదు, పిండం తగలదు. చూడిలో మూడు నాలుగు నెలలకు గర్భసంచికి రక్తం తెచ్చే ధమని వేలి కింద జిరజిరమని అదురుతుంది. చీములో ఆ అదురు ఉండదు.

స్కానింగ్‌లో ఇది ఇంకా తేలిక. ఉమ్మనీరు నల్లగా ఉంటే, చీము మంచు కురిసినట్టు తెల్లటి రేణువులతో తిరుగుతుంటుంది. చేతికి అనుమానం మిగిలిన పశువును స్కానింగ్‌కు పంపమనేది ఇందుకే. నిండిన మూత్రాశయాన్ని చూడి అనుకున్నవాళ్లూ లేకపోలేదు. పరీక్షకు ముందు పశువు మూత్రం పోస్తే ఆ తికమక ఉండదు.

చూడి అని చెప్పిన ఆవు మళ్లీ ఎదకు వచ్చింది. సూది వేయించేయనా?

వెంటనే వద్దు. చూడి ఆవుల్లో కొన్ని, వందకు మూడు నుంచి ఐదు దాకా, మధ్యలో ఎద లక్షణాలు చూపిస్తాయి. చూడి పశువులో ముఖద్వారం చిక్కటి జిగురు బిరడాతో మూసుకుని ఉంటుంది. సూది గొట్టం దాన్ని చీల్చుకుని లోపలికి పోతే ఉన్న చూడి పోతుంది.

సూది వేసేముందు ఒకసారి చేయి వేసి, వీలైతే స్కానింగ్ చేసి ఖాళీ అని తేల్చుకోండి. అప్పటికి 60 రోజులు దాటితే చేతికే తెలుస్తుంది. పూర్తిగా ఖాళీ అని తేలాక ఆ ఎదలోనే వేయించవచ్చు.

ఖాళీ అన్నారు. ఎదకు తెచ్చే ఇంజెక్షన్ ఈరోజే వేయించనా?

ప్రోస్టాగ్లాండిన్ అనే ఆ మందు చేసే పని కార్పస్ లూటియంను కరిగించడం. తొలి నెలల్లో చూడిని నిలిపి ఉంచేది కూడా అదే. పొరపాటున చూడి పశువుకు వేస్తే, ముఖ్యంగా మొదటి ఐదు నెలల్లో, ఈసుకుపోతుంది. కాబట్టి ఖాళీ అన్న మాటలో అణువంత అనుమానం ఉన్నా ఆ మందు ముట్టుకోకూడదు. సూది తేదీ సరిగా తెలియని పశువు అయితే ముందు స్కానింగ్ చేయించి లేదా రెండు మూడు వారాలు ఆగి మళ్లీ చూసి వేయాలి.

నా వరకు, ఈ మందు వేయాల్సిన ప్రతిచోటా స్కానింగ్ ఖర్చు పెట్టడం దండగ కాదు.

## మూడు నెలల తర్వాత

ఐదో నెల నడుస్తోంది. ఇప్పుడు స్కానింగ్ చేయిస్తే బాగా కనిపిస్తుందా?

అనవసరం. నాలుగైదు నెలలకు గర్భసంచి బరువెక్కి కడుపులోకి దిగిపోతుంది. లోపలి నుంచి చూసే ప్రోబ్‌కు దూడలో ఒక ముక్కో, మాయ గుండీలో తప్ప పూర్తిగా కనిపించదు. చేతికి కూడా ఐదారు నెలల్లో దూడ అందకపోవచ్చు. కానీ ముఖద్వారం ముందుకు లాగబడి ఉండటం, గుండీలు, ధమని అదురు తెలుస్తాయి. ఈ దశలో చేయే మేలు. ఏడో నెల తర్వాత కుడి డొక్క మీద పిడికిలితో నెట్టి వదిలితే గట్టి దూడ తిరిగి తగులుతుంది.

స్కానింగ్‌లో పెయ్యా, కోడెదూడా అని చెప్పగలరా?

సుమారు 55–70 రోజుల మధ్య, చేయి తిరిగినవాళ్లు పిండంలో జననాంగం మొగ్గ ఎక్కడ ఉందో చూసి చెప్పగలరు. బొడ్డు దగ్గరుంటే మగ, తోక మొదట్లో ఉంటే ఆడ. మామూలు చూడి పరీక్షలో భాగం కాదు, తప్పులు కూడా దొర్లుతాయి.

రెండు పశువులున్న ఇల్లు. స్కానింగ్‌కు అదనపు ఖర్చు పెట్టడం గిట్టుబాటవుతుందా?

ఖాళీ పశువును ఎంత ముందు పట్టగలిగామన్నదే లెక్క. గేదె మేత, దాణాకు రోజుకు 150 రూపాయలు అవుతుందనుకుందాం. ఖాళీ అని 35వ రోజుకు బదులు 75వ రోజున తెలిస్తే 40 రోజులు, అంటే 6,000 రూపాయలు. చూడి కట్టిన గేదెకు స్కానింగ్ వల్ల వచ్చే లాభం తక్కువ, అది ఎలాగూ ఈనుతుంది.

గేదెకు ఇంకో లెక్క కూడా ఉంది, ఋతువు. నవంబరులో ఖాళీ అని తెలిస్తే చలికాలంలో ఇంకా రెండు మూడు ఎదలు పట్టుకోవచ్చు. ఫిబ్రవరి చివర తెలిస్తే ఎండలు ముదిరి గేదె మూగ ఎదలోకి జారుకుంటుంది, వానలు పడేదాకా దొరకదు. అందుకే అక్టోబరు నుంచి జనవరి మధ్య సూది పడిన గేదెకు స్కానింగ్ ముందే చేయించమంటాను. ఎద బాగా చూపించే ఆవు, పైగా రోజూ దగ్గరుండి చూసే మనిషి ఉంటే 60వ రోజు చేతి పరీక్ష ఒక్కటి చాలు.

ఈనే తేదీ ఎలా లెక్కపెట్టాలి? పాలు పిండటం ఎప్పుడు ఆపాలి?

గేదెకు సూది తేదీకి 310 రోజులు, ఆవుకు 280 రోజులు కలపండి. అక్టోబరు 5న నిలిచిన గేదెకు మరుసటి ఏడాది ఆగస్టు 11 వస్తుంది. దానికి 60 రోజుల ముందు, అంటే జూన్ 12 నాటికి, పాలు పిండటం ఆపాలి. వారం పది రోజులు ముందు వెనకలు మామూలే. రెండుసార్లు సూది పడిన పశువుకైతే చేతి పరీక్షలో తేలిన తేదీనే కార్డు మీద రాసి, పాత తేదీని కొట్టేయండి.